పింగ్ వెళ్తుంది, ఫైలు వెళ్లదు

మే నెలాఖరులో విజయవాడ ప్రెస్సుల్లో ఎవరికీ కంటినిండా నిద్ర ఉండదు. బడులు తెరిచేసరికి గైడ్లు, వర్క్‌బుక్కులు కొట్లలోకి వచ్చేయాలి. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఓ ప్రెస్సు నుంచి నాకు ఫోనొచ్చింది. ఆఫీసులకి కంప్యూటర్ నెట్‌వర్కులు వేసి, చూసుకోవడం నా వృత్తి. ఆ ప్రెస్సులో మూడు వారాల కిందట పాత స్విచ్ తీసేసి కొత్తది పెట్టారు. పెట్టింది నేను కాదు. అప్పటినుంచీ ప్లేటు మిషను దగ్గర పని నత్తనడక నడుస్తోందని ఓనరుగారి గోడు.

ప్లేటు మిషను అంటే పేజీని నేరుగా అల్యూమినియం ప్లేటు మీదికి లేజరుతో దింపే యంత్రం. ప్రెస్సువాళ్లు సీటీపీ అంటారు. దాన్ని నడిపించడానికి పక్కనే ఒక కంప్యూటర్ ఉంటుంది, దాని పేరు రిప్. పేజీలన్నీ వేరే గదిలో ఫైల్ సర్వరులో ఉంటాయి. రిప్ అక్కణ్ణుంచి ఫైలు లాక్కుని, చుక్కలుగా విడగొట్టి లేజరుకి అందిస్తుంది. ఈ ప్రెస్సులో రిప్ ఇంకా విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తోంది. దాన్ని మార్చరు. మారిస్తే మిషను సాఫ్ట్‌వేర్ నడవదు, కొత్త మిషను కొనాలంటే లక్షలు పోయాలి. గది అవతల గోడకి బిగించిన పెట్టె స్విచ్. ప్రెస్సులోని నెట్‌వర్కు తీగలన్నీ వచ్చి దాని పోర్టుల్లోనే దిగుతాయి.

ప్లేట్లు తీసే ఆయన ఆ పనిలో చాలా ఏళ్లు చేయి తిరిగిన మనిషి. అందరూ మాస్టారనే పిలుస్తారు. నేను వెళ్లేసరికి స్క్రీను మీద కాపీ అవుతున్న ఫైలు వంక చూస్తూ టీ తాగుతున్నారు.

"చూడండి సార్, 410 ఎంబీ ఫైలు. ఇదివరకు టీ గ్లాసు అందుకునేలోగా వచ్చేసేది. ఇప్పుడు టీ తాగి, భోజనం చేసొచ్చినా రావట్లేదు."

"మిగతా సిస్టమ్స్ ఎలా ఉన్నాయి మాస్టారూ?"

"వాటికేం, ఎగురుతున్నాయి. ఇదొక్కటే. కేబుల్ రెండుసార్లు మార్చారు. యాంటీవైరస్ తీసేశారు. పింగ్ కొడితే బ్రహ్మాండంగా పోతోంది అంటారు. పింగ్ పోతే నాకేం లాభం, ఫైలు పోవాలి గానీ."

ఆ చివరి మాటలోనే రోగం పేరు ఉంది. పింగ్ అంటే ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని 'ఉన్నావా?' అని పిలిస్తే అది 'ఉన్నా' అని పలకడం. పలకరింపుకి ఇబ్బంది లేదు, పెద్ద ఫైలు పడేసరికి చతికిలబడుతోంది, అదీ ఒక్క పాత పరికరం దగ్గరే, స్విచ్ మార్చినప్పటినుంచే. ఇవి నాలుగూ కలిసి కనిపిస్తే నేను ముందు తీగని కాదు, పోర్టు డూప్లెక్స్‌ని చూస్తాను.

డూప్లెక్స్ అనే మాట వినగానే మనకి రెండంతస్తుల ఇల్లు గుర్తొస్తుంది. ఇక్కడ దాని అర్థం వేరు. తీగకి రెండు చివర్లా ఉన్న పరికరాలు ఒకేసారి మాట్లాడుకోవచ్చా, వంతులవారీగా మాట్లాడుకోవాలా అన్నదే డూప్లెక్స్. పోలీసుల వైర్‌లెస్ సెట్లో ఒకరు మాట్లాడి 'ఓవర్' అన్నాకే రెండోవారు నోరు విప్పాలి. అది హాఫ్ డూప్లెక్స్. టెలిఫోన్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా ఇద్దరి గొంతులూ అవతలికి చేరతాయి. అది ఫుల్ డూప్లెక్స్. రెండు పద్ధతుల్లో ఏదైనా నెట్‌వర్కు నడుస్తుంది. ఒక చివర వైర్‌లెస్ సెట్టు మర్యాదలోనూ రెండో చివర టెలిఫోన్ ధోరణిలోనూ ఉంటేనే చిక్కు. దాన్నే డూప్లెక్స్ మిస్‌మ్యాచ్ అంటారు.

ఈ రెండు మర్యాదలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో 1973లో బాబ్ మెట్‌కాఫ్, ఆయన సహచరులు ఈథర్‌నెట్‌కి రూపం ఇస్తున్నప్పుడు అన్ని కంప్యూటర్లకీ కలిపి ఒకటే లావుపాటి తీగ. ఊరందరికీ ఒకటే బావి అన్నట్టు. అందుకని నియమం పెట్టారు: మాట్లాడేముందు తీగ మీద ఎవరైనా మాట్లాడుతున్నారేమో విను. ఖాళీగా ఉంటేనే మొదలుపెట్టు. నీతోబాటు ఇంకెవరైనా అదే క్షణంలో మొదలుపెడితే రెండు మాటలూ కలగాపులగం అవుతాయి, దాన్ని కొలిజన్ అంటారు. వెంటనే ఆపేసి, లాటరీ తీసినట్టు ఎంతోకొంత సేపు ఆగి, మళ్లీ ప్రయత్నించు. అదీ హాఫ్ డూప్లెక్స్.

తర్వాత సన్నటి మెలితిప్పిన జంట తీగలు వచ్చాయి. ఇప్పుడు మన ఆఫీసుల్లో ఉన్న నీలం రంగు కేబులు అదే. పది, వంద మెగాబిట్ల వేగంలో అందులో పంపడానికి ఒక జంట, అందుకోవడానికి ఇంకో జంట. దారులు వేరైనప్పుడు ఇక వంతులెందుకు? కానీ మధ్యలో హబ్ అనే పాతకాలపు పెట్టెలు ఉన్నన్నాళ్లూ అందరి మాటా అందరికీ వినిపించేది కాబట్టి పాత నియమం తప్పలేదు. స్విచ్‌లు వచ్చి ప్రతి పరికరానికీ సొంత పోర్టు దక్కాకే ఆ అవసరం తీరింది. 1997లో ఫుల్ డూప్లెక్స్ ప్రమాణంలోకి అధికారికంగా ఎక్కింది.

ఇప్పుడు ప్రెస్సులోకి వద్దాం. ఆ స్విచ్‌కి కమాండ్లు ఇచ్చి లోపల ఏం జరుగుతోందో చూసే వీలుంది. రిప్ తీగ ఏడో పోర్టులో ఉంది. అడిగాను:

```
show interfaces status

Port   Name  Status     Vlan  Duplex  Speed  Type
Gi0/7        connected  1     a-half  a-100  10/100/1000BaseTX
```

`a-half` అన్నదగ్గర ఆగాను. హాఫ్ అన్నది సరే, దాని ముందున్న `a-` ఇంకా ముఖ్యం. 'నాకెవరూ చెప్పలేదు, నేనే ఆటోమేటిక్‌గా తేల్చుకున్నాను' అని దాని అర్థం. వంద మెగాబిట్ల వేగం ఉన్న ఏ పరికరమూ మామూలుగా హాఫ్ డూప్లెక్స్‌లో ఉండదు. మరి స్విచ్ ఎందుకలా తేల్చుకుంది?

రిప్ దగ్గరికి వెళ్లి డివైస్ మేనేజర్లో నెట్‌వర్క్ కార్డు తెరిచి, `Advanced` పేజీలో `Link Speed & Duplex` అన్న గడి చూశాను. `100 Mbps/Full Duplex` అని బిగించి ఉంది. మిషను అమ్మినప్పుడు వచ్చిన ఇంజనీరు ఎప్పుడో బిగించిపోయాడు. పాత స్విచ్‌లోని పోర్టునీ అప్పుడే వంద, ఫుల్ అని బిగించి ఉంటారు. రెండు చివర్లా ఒకే మాట కాబట్టి ఏళ్ల తరబడి ఇబ్బంది లేదు. కొత్త స్విచ్ పెట్టినవాళ్లు పాతదాని సెట్టింగులు చూడకుండా తీగలు మార్చి వెళ్లిపోయారు. కొత్త పెట్టెలో అన్ని పోర్టులూ ఆటోలోనే ఉన్నాయి.

ఒక చివర ఫుల్ అని గట్టిగా బిగిస్తే, ఆటోలో ఉన్న రెండో చివర కూడా ఫుల్ అనుకోవాలి కదా అని మీకు అనిపించవచ్చు. చాలామంది టెక్నీషియన్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. 1995లో వచ్చిన ఆటో నెగోషియేషన్ ప్రమాణం ప్రకారం, తీగ తగిలించగానే రెండు పరికరాలూ చిన్నచిన్న విద్యుత్ స్పందనల గుత్తుల్ని ఒకదానికొకటి పంపుకుంటాయి. 'నాకు పదీ వచ్చు, వందా వచ్చు, ఫుల్ కూడా వచ్చు' అని అందులో పదహారు బిట్లలో రాసి ఉంటుంది. ఇద్దరి చీటీలూ పోల్చుకుని, ఇద్దరికీ వచ్చిన వాటిలో మేలైనదాన్ని ఎంచుకుంటారు. సెట్టింగు చేత్తో బిగించిన పాత కార్డులు మామూలుగా ఈ చీటీ పంపడమే మానేస్తాయి. అడిగేవాడికి జవాబు రాదు.

జవాబు రానప్పుడు స్విచ్ చేయగలిగింది ఒకటే, తీగ మీద వస్తున్న సిగ్నల్‌ని చూసి ఊహించడం. వేగాన్ని అలా పట్టుకోవచ్చు, ఎందుకంటే పది మెగాబిట్ల సిగ్నల్ తీరు వేరు, వంద మెగాబిట్ల తీరు వేరు. డూప్లెక్స్‌ని మాత్రం సిగ్నల్ చూసి చెప్పలేం. అది గొంతులో తెలిసేది కాదు, నడవడికలో తెలిసేది. అందుకే ప్రమాణం ఇలా చెప్పింది: వేగం పట్టుకో, డూప్లెక్స్ తెలియకపోతే హాఫ్ అనుకో. అప్పట్లో ఇది సబబే. చీటీ పంపడం తెలియని పరికరాల్లో ఎక్కువ భాగం హబ్‌లు, పాత కార్డులు. వాటికి వచ్చింది హాఫ్ ఒక్కటే. వాటితో ఈ ఊహ ఇప్పటికీ సరిగ్గానే సరిపోతుంది. ఫుల్‌లో బిగించి నోరు మూసుకున్న పరికరం దగ్గరే తప్పుతుంది.

వేగం ఇద్దరికీ ఒకటే కావడం ఇందులో పెద్ద వంచన. వేగాలు కలవకపోతే అసలు లింకే రాదు, లైటే వెలగదు, ఐదు నిమిషాల్లో ఎవరైనా పట్టుకుంటారు. డూప్లెక్స్ కలవకపోయినా పోర్టు దగ్గర పచ్చలైటు వెలుగుతుంది, విండోస్ `100 Mbps` అని దర్జాగా చూపిస్తుంది, పింగ్ పలుకుతుంది.

పింగ్ ఎందుకు పలుకుతుందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ప్రశ్న వెళ్తుంది, అది చేరాక జవాబు వస్తుంది. ఒకరి తర్వాత ఒకరు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడే సందర్భమే రాదు కాబట్టి మర్యాదల తేడా బయటపడదు. ఫైలు కాపీలో అలా కాదు. సర్వరు నుంచి ఫైలు ముక్కలు ఒకదాని వెంట ఒకటి రిప్ వైపు పరుగెత్తుతుంటాయి, 'ఇంతవరకు అందింది' అన్న రసీదులు రిప్ నుంచి వెనక్కి వస్తూనే ఉంటాయి. రెండు వైపులా ఒకేసారి రాకపోకలు.

ఒక్క ముక్క ప్రయాణం చూద్దాం. నిండు ఫ్రేము అంటే 1518 బైట్లు. వంద మెగాబిట్ల తీగ మీద అది పూర్తిగా వెళ్లడానికి సుమారు 121 మైక్రోసెకన్లు పడుతుంది. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షలో వంతు. స్విచ్ హాఫ్‌లో ఉంది కాబట్టి ముందు విని, నిశ్శబ్దంగా ఉందని నిర్ధారించుకుని పంపడం మొదలుపెడుతుంది. రిప్ ఫుల్‌లో ఉంది. వినాల్సిన పని దానికి లేదు. అంతకుముందు అందిన ముక్కలకి రసీదు సిద్ధం కాగానే తన జంట తీగ మీద పంపేస్తుంది. వియ్యాలవారి పందిట్లో ఒక పెద్దమనిషి అవతలివారు ఆపితేగానీ నోరు విప్పడు. రెండో పెద్దమనిషికి అలాంటి పట్టింపేమీ లేదు. ఇద్దరిలో ఎవరి మాట సగంలో తెగిపోతుందో చెప్పాలా?

నిజానికి తీగ మీద ఏదీ దేన్నీ గుద్దుకోలేదు. రెండు దారులూ వేరు. స్విచ్ పంపిన బిట్లు ఒక జంటలో, రిప్ పంపినవి ఇంకో జంటలో హాయిగా వెళ్తున్నాయి. కానీ హాఫ్‌లో ఉన్న స్విచ్‌కి నేర్పిన పాఠం ప్రకారం, తాను పంపుతుండగా అవతలినుంచి ఏదైనా వినిపిస్తే అది కొలిజనే. అందుకని పంపుతున్న ఫ్రేముని మధ్యలో తుంచేస్తుంది, వస్తున్న రసీదుని కూడా పాడైనదాని కింద లెక్కగట్టి పారేస్తుంది. జరగని ప్రమాదానికి రెండు బళ్లనీ తుక్కు చేయడం అంటే ఇదే. రిప్ వైపు చూస్తే సగం తెగిన ఫ్రేము వచ్చి పడుతుంది. ప్రతి ఫ్రేము చివరా సరిచూసుకోవడానికి ఒక లెక్క ఉంటుంది. తెగిన ముక్కకి ఆ లెక్క సరిపోదు. రిప్ దాన్ని సీఆర్‌సీ తప్పుగానో, నిండని ఫ్రేముగానో రాసుకుని పారేస్తుంది.

అయినా కొలిజన్ అయితే కాసేపాగి మళ్లీ పంపాలన్న నియమం ఉందిగా, మరి నష్టమేమిటి? ఆ నియమానికి ఒక గడువుంది. ఫ్రేములో మొదటి 64 బైట్లు వెళ్లేలోగా కొలిజన్ తెలిస్తేనే పోర్టు తనంతట తానే మళ్లీ పంపుతుంది. సరిగ్గా వేసిన హాఫ్ డూప్లెక్స్ నెట్‌వర్కులో ఆ 64 బైట్ల సమయంలోగా నీ గొంతు చివరిదాకా చేరిపోతుంది, ఆ తర్వాత ఎవరూ మధ్యలో మాట్లాడకూడదు. అయినా మాట్లాడారంటే ఎక్కడో లోపం ఉన్నట్టే. అలాంటప్పుడు చాలా పరికరాలు ఆ ఫ్రేముని వదిలేసి, `late collision` అని ఒక గీత గీసుకుంటాయి. 1518 బైట్లలో 64 అంటే నూటికి నాలుగు వంతులు. మిగిలిన తొంభై ఆరు వంతుల్లో రసీదు ఎప్పుడు వచ్చినా ఆ గుద్దుడు ఆలస్యపు గుద్దుడే, ఆ ఫ్రేము పోయినట్టే.

పోయిన ఫ్రేముని మళ్లీ పంపించే బాధ్యత ఇక పై అంతస్తులోని టీసీపీది. అది తీగకి దూరంగా, సర్వరులో కూర్చుని ఉంటుంది. రసీదు రాకపోతే కాసేపు చూస్తుంది. ఆ కాసేపు మనకి లెక్కలోది కాదు, సెకనులో ఐదో వంతో మూడో వంతో. తీగకి మాత్రం అది యుగం. ఐదో వంతు సెకనులో వంద మెగాబిట్ల తీగ రెండున్నర ఎంబీ మోసుకుపోగలదు. పైగా నష్టం చూడగానే టీసీపీ దారి రద్దీగా ఉందనుకుని వేగం తగ్గించుకుంటుంది. తర్వాత వచ్చే రసీదుల్ని బట్టి పోయిన ముక్కని త్వరగా కనిపెట్టే ఉపాయం దానికి ఉంది గానీ, రసీదులే తుక్కయిపోతున్న చోట ఆ ఉపాయం సరిగా పారదు.

ప్రెస్సులో లెక్కలన్నీ సున్నా చేసి, అదే 410 ఎంబీ ఫైలు మళ్లీ కాపీ పెట్టి, అయ్యేదాకా కూర్చున్నాను. నలభై నిమిషాలు పట్టింది. తర్వాత ఏడో పోర్టు చూపించిన లెక్కల్లో పనికొచ్చే వరసలు ఇవి:

```
show interfaces GigabitEthernet0/7

  Half-duplex, 100Mb/s, media type is 10/100/1000BaseTX
     6127 output errors, 9340 collisions, 1 interface resets
     0 babbles, 6127 late collision, 2215 deferred
```

410 ఎంబీ అంటే సుమారు రెండు లక్షల ఎనభై వేల ఫ్రేములు. పోయినవి ఆరు వేల చిల్లర, అంటే నూటికి రెండు. నూటికి తొంభై ఎనిమిది ఫ్రేములు క్షేమంగా చేరాయి. అయినా ఖాళీ తీగ మీద అర నిమిషంలో కావాల్సిన పని నలభై నిమిషాలైంది. కావాలంటే భాగహారం చేసి చూడండి. పోయిన ప్రతి ఫ్రేముకీ సగటున సెకనులో మూడో వంతు పైగా ఖర్చయింది. ఇది వేగం చాలని జబ్బు కాదు, ఎదురుచూపుల జబ్బు. ఇలాంటి తీగ మీద సిగ్నల్ బాగుందో లేదో కొలిచే పరికరం పెడితే అది కూడా బాగానే ఉందంటుంది. బాగానే ఉంది మరి.

రిప్ వైపు సాక్ష్యం కూడా చూశాను. ఎక్స్‌పీలో `netstat -e` అని కొడితే అందుకున్న ఫ్రేముల్లో తప్పులెన్నో చెబుతుంది. కాపీ నడుస్తున్నంతసేపూ ఆ అంకె పెరుగుతూ పోయింది, కాపీ ఆపితే ఆగింది. ఒక చివర లేట్ కొలిజన్లు, రెండో చివర సీఆర్‌సీ తప్పులు, రెండూ బరువుని బట్టి పెరగడం డూప్లెక్స్ మిస్‌మ్యాచ్ సంతకం. హాఫ్‌లో ఉన్న వైపు కొలిజన్లు కనిపిస్తాయి, ఫుల్‌లో ఉన్న వైపు తెగిన ఫ్రేములు కనిపిస్తాయి. అటూ ఇటూ తారుమారైతే చేతిరాత కూడా తారుమారవుతుంది. రెండు చివర్లా డూప్లెక్స్ సరిగ్గా కలిసి ఉండి, సీఆర్‌సీ తప్పులు మాత్రమే కనిపిస్తే అప్పుడు కేబులునో, కొసన బిగించిన కనెక్టరునో అనుమానించండి. కేబులు రెండుసార్లు మార్చినవాళ్లు ఈ ఒక్క తేడా గమనించి ఉంటే మూడు వారాలు కలిసొచ్చేవి.

రెండు వైపులా సిస్కో పరికరాలైతే అవి తమలో తాము కబురందుకుని, స్క్రీన్ మీద `%CDP-4-DUPLEX_MISMATCH` అని మొరపెట్టుకుంటాయి. పాత రిప్పుకీ, ప్రింటరుకీ ఆ భాష రాదు. మొర వినిపించలేదు కాబట్టి మిస్‌మ్యాచ్ లేదనుకోకూడదు.

మందు రెండు రకాలు. రెండు చివర్లనీ ఆటోలో పెట్టడం మొదటిది, మేలైనది. రిప్ సెట్టింగుని ఆటోకి మారుద్దామన్నాను. ఓనరుగారు మిషను ఇంజనీరుకి ఫోన్ చేశారు. ఆయన మా కంప్యూటర్ని ముట్టుకోవద్దన్నారు. సీజన్లో, అందులోనూ విడిభాగాలు దొరకని మిషను జోలికి వెళ్లడం నాకూ ఇష్టం లేదు. అందుకని రెండో మందు, రిప్ ఏం చెబుతోందో స్విచ్‌కీ అదే చెప్పడం:

```
configure terminal
interface GigabitEthernet0/7
 speed 100
 duplex full
end
write memory
```

లింకు ఒక్క క్షణం పడి లేచింది. ఫైలు మళ్లీ కాపీ పెట్టాం. 38 సెకన్లు. లేట్ కొలిజన్లు సున్నా. మాస్టారు స్క్రీను వంక, నా వంక చూసి, "ఇంతేనా?" అన్నారు. ఇంతే. ఆ చివరి `write memory` మరిచిపోతే మాత్రం ఇంకోసారి కరెంటు పోయి వచ్చినప్పుడు మొత్తం కథ మొదటికొస్తుంది. మన కరెంటు సంగతి తెలిసిందే కదా.

ఇది వాడుకలో ఉన్న మందే గానీ, నాకు నచ్చిన మందు కాదు. రేపు రిప్ చెడిపోయి ఆ చోట ఆటోలో ఉన్న కొత్త కంప్యూటర్ పెట్టారనుకోండి, బిగించిన పోర్టు ముందు అది హాఫ్‌లో పడుతుంది. అప్పుడు రోగం అదే, రోగి అవతలివాడు. ఎవరైనా తీగని పక్క పోర్టులోకి మార్చినా ఇంతే. అందుకే పోర్టు దగ్గర తీగకి చీటీ కట్టాను.

అసలు ఈ బిగింపు అలవాటు ఎక్కడిదంటే, ఆటో నెగోషియేషన్ తొలినాళ్లదే. 1995 నాటి ప్రమాణంలో కొన్ని అంశాలని ఒక్కో తయారీదారు ఒక్కోలా అర్థం చేసుకున్నారు. ఒకరి కార్డు, ఇంకొకరి స్విచ్ ఎదురుపడితే మాట కుదిరేది కాదు. విసిగిపోయిన ఇంజనీర్లు రెండు చివర్లనీ చేత్తో బిగించడం మొదలుపెట్టారు. అప్పట్లో అది తెలివైన పనే. 1998 కూర్పులో ఆ సందిగ్ధాలు తొలగించారు, తర్వాత వచ్చిన చిప్పులు కుదుటపడ్డాయి. అలవాటు మాత్రం పోలేదు. 'ముఖ్యమైన లింకుల్ని ఎప్పుడూ బిగించాలి' అని గురువు శిష్యుడికీ, ఆ శిష్యుడు తన శిష్యుడికీ చెబుతూ వచ్చారు. నేను కూడా నేర్చుకునే రోజుల్లో అలాగే బిగించేవాణ్ణి. ఈ వృత్తిలో నేను చూసిన మిస్‌మ్యాచ్‌లలో ఎక్కువ భాగం ఆటో చేసిన తప్పు వల్ల రాలేదు. ఒక చివర బిగించి, రెండో చివర సంగతి మరిచిపోవడం వల్లే వచ్చాయి.

గిగాబిట్ వేగానికి ఈ తంటా దాదాపు లేదు. రాగి తీగ మీద గిగాబిట్ ప్రమాణం 1999లో వచ్చినప్పుడే ఆటో నెగోషియేషన్ తప్పనిసరి చేశారు. కాబట్టి కొత్త ల్యాప్‌టాప్, కొత్త స్విచ్ ఉన్న ఇంట్లో దీని గురించి బెంగ పడక్కర్లేదు. పది, వంద మెగాబిట్ల పాత సామాను దగ్గరే ఇది కాపు కాసి ఉంటుంది. పాత లేజర్ ప్రింటర్లు, ఫ్యాక్టరీల్లో లేతు మిషన్ల కంట్రోలర్లు, హాజరు వేసే వేలిముద్రల యంత్రాలు, ఆస్పత్రుల్లో పాత ఎక్స్‌రే యంత్రాల పక్కన ఉండే కంప్యూటర్లు. వీటితో పాటు చాలామందికి తట్టనిది ఇంకొకటి ఉంది. ఆఫీసుకి లీజ్డ్ లైన్ ఇచ్చే సంస్థలు గోడకి పెట్టే ఫైబర్ కన్వర్టర్ పెట్టె. కొన్ని చోట్ల దాన్ని వంద, ఫుల్ అని బిగించి పెడతారు. మన రౌటరు ఆటోలో ఉంటే, డబ్బు కట్టింది యాభై మెగాబిట్లకి, వచ్చేది రెండో మూడో. డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగాల మధ్య పొంతన లేని తేడా కూడా తరచు కనిపిస్తుంది, ఎందుకంటే ఏ వైపునుంచి బరువు వస్తోందన్నదాన్ని బట్టి నష్టం మారుతుంది. ఆ సంస్థకి ఫోన్ చేసి "మీ వైపు పోర్టు ఆటోలో ఉందా, బిగించారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. లైన్ టెస్ట్ చేశాం, బాగానే ఉందన్న జవాబు ఈ ప్రశ్నకి జవాబు కాదు.

కమాండ్లు తీసుకోని చవక స్విచ్ ఉన్నవాళ్లు ఏం చేయాలి? దాని పోర్టులు ఎప్పుడూ ఆటోలోనే ఉంటాయి, బిగించే వీలు లేదు. కాబట్టి పరికరాన్నే ఆటోకి మార్చాలి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ కార్డు `Advanced` పేజీలో `Speed & Duplex` ఎదుట `Auto Negotiation` ఉందేమో చూడండి. కొత్త విండోస్ అయితే పవర్‌షెల్‌లో ఈ ఒక్క వరస చాలు:

```
Get-NetAdapter | Select Name, LinkSpeed, FullDuplex
```

ఇది చెప్పేది ఈ చివర సంగతే. రెండో చివర ఏమనుకుంటోందో ఇది చెప్పదు. ప్రింటర్లలో అయితే నెట్‌వర్క్ సెట్టింగుల మెనూలో లింక్ స్పీడ్ అని ఉంటుంది. ఆటో అన్న అవకాశమే లేని మొండి పరికరమైతే దాన్ని వంద, హాఫ్ అని బిగించండి. స్విచ్ ఎలాగూ హాఫ్ అనుకుంటుంది కాబట్టి ఇద్దరూ ఒకే మర్యాదలో ఉంటారు. ఫుల్ అంత వేగం రాదు గానీ, వంతులవారీగా నడిచే హాఫ్, కలవని ఫుల్ కంటే ఎన్నో రెట్లు నయం. వినడానికి వెనకడుగులా ఉంటుంది, చేసి చూడండి.

ఒక్క పని మాత్రం ప్రెస్సువాళ్లకి గట్టిగా చెప్పి వచ్చాను, మీకూ చెబుతున్నాను. స్విచ్ మార్చడానికి ఎవరొచ్చినా, పాతదాని ప్లగ్ పీకకముందే అందులోని సెట్టింగుల కాపీ ఒకటి తీసి ఇమ్మనండి. `show running-config` అని కొడితే వచ్చేస్తుంది, రెండు నిమిషాల పని. అందులో ఏ పోర్టు కింద `duplex full` అని కనిపించినా, ఆ తీగ అవతలి చివర ఏముందో చూడకుండా వాళ్లని పంపకండి.